వాళ్ళ బ్యాంకే కదా

ఆ ఇల్లు ముందు చూసింది నేను. ఈ మాట మొదటే చెప్పేస్తే, మిగతాది విన్నాక నన్ను తిట్టుకునేటప్పుడు మీకు కొంచెమైనా అడ్డం పడుతుందని నా ఆశ.

అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో తూర్పు గుమ్మం, కింద ఒక బెడ్‌రూమ్, పిల్లలు నడిచి వెళ్ళేంత దూరంలో హైస్కూలు. ఈ మూడూ ఒక్క ఇంటికి కుదరడం కోసం నేనూ మా ఆయన ఉమాకాంత్ మూడేళ్ళు వెతికాం. గుమ్మం బాగుంటే స్కూలు బాగుండదు, స్కూలు బాగుంటే గుమ్మం దక్షిణానికి ఉంటుంది. ఏప్రిల్లో ఒక గురువారం లంచ్ మానేసి వెళ్ళి ఈ ఇల్లు చూశాను. వంటింటి కిటికీలోంచి పెరట్లో ఆపిల్ చెట్టు కనిపించింది. నాకు కళ్ళమ్మట నీళ్ళు వచ్చినంత పనైంది. ఆ సంతోషం కడుపులో దాచుకోలేక కారులో కూర్చునే రేణుకి ఫోన్ చేశాను. నేను చేసిన తప్పు అదొక్కటే అని చాలా రోజులు అనుకున్నాను.

రేణూ నేనూ ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాం. వాళ్ళ ఇషా, మా ఆరవ్ ఒకే క్లాసు. పెరుగు తోడు దగ్గర్నుంచి పిల్లల్ని స్కూల్లో దింపడం దాకా అన్నీ ఇచ్చిపుచ్చుకున్నాం. నేను గురువారం ఫోన్ చేస్తే, శనివారం, అందరికీ ఇల్లు చూపించే ఓపెన్ హౌస్‌కి మొగుడు రామమోహన్‌ని వెంటబెట్టుకుని వెళ్ళింది. ఆదివారానికి ఆఫర్ పెట్టింది. మేమూ పెట్టామని తనకి తెలీదు. వాళ్ళది మా ఆఫర్ కంటే నాలుగు వేల డాలర్లు ఎక్కువ. మంగళవారం ఇల్లు వాళ్ళకి ఖాయమైంది.

"నువ్వు చెప్పబట్టే కదా విజయా దొరికింది" అని మైసూర్‌పాక్ డబ్బా పట్టుకుని వచ్చింది. నవ్వుతూ రెండు ముక్కలు తిన్నాను. పంటి కింద ఇసుకలా ఉంది, అయినా తిన్నాను. రెండ్రోజుల తర్వాత మా ఏజెంటు "బ్యాకప్ ఆఫర్ ఉంచమంటారా?" అని అడిగాడు. బ్యాకప్ అంటే వరసలో రెండోవాళ్ళుగా నిలబడటం. మొదటివాళ్ళ కొనుగోలు ఏ కారణం చేతైనా చెడితే ఇల్లు మనకి వస్తుంది. ఉమాకాంత్ మొహమాటపడ్డాడు. నేను సంతకం పెట్టి పెన్ను ఆయన చేతికిచ్చాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నేను ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక చిన్న మార్ట్‌గేజ్ కంపెనీలో లోన్ ప్రాసెసర్‌ని. ఇల్లు కొనేవాళ్ళ జీతం చీటీలు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు తెప్పించి, సరిచూసి, ఫైలు తయారుచేయడం నా ఉద్యోగం. రేణు తన ఫైలు నాకు ఇవ్వలేదు. రామమోహన్ జీతం పడే బ్యాంకులోనే హోమ్ లోన్ తీసుకున్నారు. వడ్డీ ఎనిమిదో వంతు శాతం తక్కువట. "ఏమనుకోకు, నీకూ నాకూ మధ్య డబ్బు వ్యవహారాలెందుకు" అంది. ఏమీ అనుకోలేదు అన్నాను. ఎంత అనుకున్నానో నాకు తెలుసు.

మే మొదటి వారంలో రేణు వాళ్ళమ్మ నాగమణిగారు, భర్తని ఊళ్ళోనే ఉంచి, గుంటూరు నుంచి ఒక్కరే దిగారు. గృహప్రవేశం చూసి, ఆరు నెలలు కూతురి దగ్గర ఉండి వెళ్తారు. వస్తూ వస్తూ తెనాలి సిద్ధాంతిగారి చేత ముహూర్తం రాయించి మరీ తెచ్చారు. జూన్ ఎనిమిది, ఆదివారం, ఉదయం ఆరూ నలభై రెండు. అది దాటితే మూఢం, ఆ తర్వాత ఆషాఢం. జులై ఆఖరుదాకా మంచిరోజు లేదు. ఇల్లు రిజిస్టరై తాళాలు చేతికొచ్చే క్లోజింగ్ జూన్ ఆరు, శుక్రవారం. మధ్యలో ఒక్క శనివారం.

కాబట్టి చేయాల్సినవన్నీ ఇల్లు చేతికి రాకముందే చేసుకోవాలి. అమెరికా వాళ్ళెవరైనా ముందు ఇంట్లోకి మారి, పరుపు నేల మీద పరుచుకుని, ఆరు నెలలు తీరిగ్గా సోఫా వెతుక్కుంటారు. మనం అలా కాదు. పాలు పొంగేసరికి సోఫా ఉండాలి, దాని మీద నూట ఇరవై కుటుంబాలు కూర్చుని ఫొటోలు దిగాలి.

మే మూడో ఆదివారం రేణు టీకి పిలిచింది. నాగమణిగారు పకోడీలు వేస్తున్నారు. టేబుల్ మీద కాగితం, దాని మీద లిస్టు. సోఫా, డైనింగ్ టేబుల్, అమ్మకి మంచం. మొత్తం ఎనిమిది వేలు. ఆ ఎనిమిది వేలే లేవు. డౌన్ పేమెంటుకి తీసిపెట్టినది ముట్టుకోకూడదు. ఇల్లు ఖాయం కాగానే కట్టిన పదివేల అడ్వాన్సు, ఇంటి ఇన్‌స్పెక్షను, విలువ కట్టే అప్రైజల్ ఫీజులు కలిసి మిగతా ఖాతాని ఊడ్చేశాయి.

"క్లోజింగ్ అయ్యాక రెండు జీతాలు ఆగి కొనుక్కుందాం" అన్నాడు రామమోహన్. మెత్తని మనిషి. ఏ మాటైనా అడుగుతున్నట్టే అంటాడు.

"అప్పటిదాకా అమ్మని నేల మీద పడుకోబెడదామా?" అంది రేణు.

అప్పుడే ఆయన ఫోన్ చిన్నగా మోగింది. చూసి, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాడు.

"ఇది నిన్నట్నుంచీ వస్తోంది. యాప్ తెరిస్తే పైనే ఉంటోంది."

రేణు ఫోన్ లాక్కుని చదివింది. గుడ్ న్యూస్ రామమోహన్, మీకు ఇరవై ఎనిమిది వేల డాలర్ల వరకు ప్రీ-అప్రూవ్ అయింది, నిమిషాల్లో మీ ఖాతాలోకి, అప్లికేషన్ పేపర్లేమీ అక్కర్లేదు, మీ రేటు చూసుకుంటే క్రెడిట్ స్కోర్‌కి ఏమీ కాదు. కింద ఆకుపచ్చ బటన్.

నాకు ఆ స్క్రీను కొత్త కాదు. దాన్ని ఎవరూ కూర్చుని రాయరు, ఎవరూ రామమోహన్ మంచివాడని తేల్చరు. రెండు వారాలకోసారి జీతం తప్పకుండా పడుతోంది, స్కోర్ బాగుంది, ఈ మధ్య పెద్ద మొత్తాలు బయటికి పోయి బ్యాలెన్స్ పడిపోయింది. ఆ లెక్కలన్నీ చూసి ఒక ప్రోగ్రామ్, ఈ మనిషికి ఇప్పుడు చెయ్యి ఇరుకుగా ఉంది, ఇప్పుడు అడిగితే కాదనడు అని గుర్తుపట్టి పంపుతుంది. చెయ్యి నిండుగా ఉన్నవాడికి పంపితే ఎవరు నొక్కుతారు? అందులో అప్పు అనే మాట ఎక్కడా పెద్ద అక్షరాల్లో ఉండదు. మీ ఆఫర్, మీ మొత్తం, మీ ప్లాన్. అన్నీ మనవే.

"మా రోజుల్లో లోన్ శాంక్షన్ కావాలంటే మీ నాన్నగారు చెప్పులరిగేలా తిరిగారు" అన్నారు నాగమణిగారు, గరిటె పట్టుకునే. "ఇంటికొచ్చి ఇస్తామంటున్నారంటే అల్లుడుగారికి ఎంత పరపతి ఉందో చూడు."

రామమోహన్ చెవులు ఎర్రబడ్డాయి. ఇరవై ఏళ్ళుగా ఇంజన్ల టెస్టింగ్ చేస్తున్న మనిషి. ఆఫీసులో తన కింద పనిచేసిన కుర్రాళ్ళు తన మీద మేనేజర్లయ్యారు. అత్తగారి నోట ఆ మాట వినడం ఆయనకి అదే మొదటిసారేమో. ఆ సంతోషం చూస్తే జాలేసింది. జాలి వేసిన మాట నిజం.

రేణు బటన్ నొక్కింది. మొత్తం ఎంతో చెప్పే గీత వచ్చింది. దాని మీద గుండ్రటి చుక్క అప్పటికే ఇరవై ఎనిమిది వేల దగ్గర, కుడి చివర ఉంది. ఎనిమిది వేలే కావాలంటే దాన్ని వేలితో వెనక్కి లాగాలి. లాగుతుంటే మన చేతికొచ్చినదాన్ని మనమే వదిలేసుకుంటున్నట్టుంటుంది. రేణు కొంచెం వెనక్కి లాగింది, మళ్ళీ వదిలేసింది.

"నెలకి ఆరువందల యాభై ఒకటి. అంతే" అంది.

అయిదేళ్ళు అని పక్కన చిన్నగా ఉంది. వడ్డీ పద్నాలుగు శాతానికి ఒక పిసరు తక్కువ అని ఇంకా చిన్నగా ఉంది. ఆ రెండూ కలిపితే ఇరవై ఎనిమిది వేలు ముప్పై తొమ్మిదవుతాయని ఎక్కడా లేదు. అది తెలియాలంటే ఇంకో పేజీలోకి వెళ్ళాలి. ఆ పేజీలోకి ఎవరూ వెళ్ళరు.

"ఆగు" అన్నాడు రామమోహన్. "హోమ్ లోన్ అతను మెయిల్ పెట్టాడు కదా. క్లోజింగ్ అయ్యేదాకా కార్ కొనొద్దు, కొత్త క్రెడిట్ కార్డ్ తీసుకోవద్దు, బయట ఎక్కడా అప్పు చేయొద్దు అని."

"ఇది బయటెలా అవుతుందండీ? వాళ్ళ బ్యాంకే కదా. జనవరిలో మనకి ఇల్లు వెతుక్కోమని లెటర్ ఇచ్చిందెవరు? దాన్నేమన్నారు? ప్రీ-అప్రూవల్. ఇదేమిటి? ప్రీ-అప్రూవ్డ్. అన్నీ చూసుకునే కదా ఇచ్చేది. మన ఇంటి సంగతి వాళ్ళకి తెలీదా?"

ఆ ఒక్క మాట వాళ్ళని ముంచింది. జనవరి లెటర్ కోసం రామమోహన్ రెండేళ్ళ టాక్స్ కాగితాలు, జీతం చీటీలు, స్టేట్‌మెంట్లు అన్నీ ఇచ్చాడు. ఒక మనిషి కూర్చుని చదివి, ఇంతవరకు ఇవ్వచ్చు అని రాశాడు. ఫోన్లో వచ్చిన దాన్ని ఎవరూ చదవలేదు. రెండింటికీ ఒకటే పేరు. మనవాళ్ళు ఆ పేరుని శాంక్షన్ అని తర్జుమా చేసుకుంటారు. శాంక్షన్ అంటే పైవాళ్ళు అన్నీ విచారించి సంతకం పెట్టారని అర్థం. ఒకే బ్యాంకులో హోమ్ లోన్ వాళ్ళకి, ఈ ఆఫర్లు పంపే వాళ్ళకి మధ్య పలకరింపులు కూడా ఉండవని వీళ్ళకెలా తెలుస్తుంది?

నాకు తెలుసు. క్లోజింగ్ వారంలో, మన అప్పులన్నీ ఉండే క్రెడిట్ రిపోర్టు మరోసారి తీస్తారని తెలుసు. నిజంగా తీసుకుంటానని నొక్కగానే ఆ లోన్ అందులో కొత్త అప్పుగా ఎక్కుతుందని తెలుసు. రామమోహన్ ఒక్క జీతం మీద ఆ ఇంటి వాయిదా, రెండు కార్ల వాయిదాలు కలిస్తే బ్యాంకు ఒప్పుకునే గీత అంచున ఉంటాడని కూడా, రేణు చెప్పిన అంకెలతో మనసులో ఎప్పుడో లెక్కేశాను. ఇంకో ఆరువందల యాభై ఒకటి పడితే గీత దాటతాడు.

రేణు నావైపు తిరిగింది. "నువ్వు ఈ పనిలోనే ఉన్నావు కదా విజయా. తీసుకోవచ్చా? ఏం కాదుగా?"

రామమోహన్ కూడా చూశాడు. "మీరు చెప్పండి విజయశ్రీ గారూ. లేకపోతే రేపు అతనికి ఫోన్ చేసి అడుగుతాను."

ఫోన్ చేస్తే ఆ అబ్బాయి ఒక్క మాటలో వద్దంటాడు. పకోడీ చేతిలో ఉంది. దాన్ని చట్నీలో ముంచి, తిని, అప్పుడు మాట్లాడాను.

"మీ బ్యాంకే కదా అన్నయ్యగారూ ఇస్తోంది. వాళ్ళకి తెలీకుండా ఉంటుందా? ప్రతిదానికీ ఫోన్ చేసి అడిగితే, వీళ్ళకి డబ్బుకి ఇబ్బందిగా ఉందేమో అనుకుంటారు."

అందులో అబద్ధం ఎక్కడుందో వెతకండి. చాలా రోజులు నేనూ వెతికాను. మొదటిది వాళ్ళ మాటే, రెండోది ప్రశ్న, మూడోది ఊహ. కోర్టులో నిలబెట్టినా నన్నేమీ చేయలేరు. కానీ నేను ఆ మాట అన్నది వాళ్ళు ఆ బటన్ నొక్కాలని. వేరే ఏ ఉద్దేశంతోనూ కాదు.

రామమోహన్ బొటనవేలు ఆనించాడు. టీ చల్లారకముందే డబ్బు పడింది. స్క్రీన్ మీద రంగురంగుల కాగితం ముక్కలు రాలాయి. నాగమణిగారు అందరి నోట్లో పంచదార పోశారు, నా నోట్లో కూడా.

ఇంటికొచ్చి ఉమాకాంత్‌కి చెప్పాను. ఆయన అన్నం కలుపుతున్నవాడల్లా ఆగిపోయాడు. "ఇప్పుడైనా ఫోన్ చేసి చెప్పు. ఖర్చు పెట్టకముందే కట్టేస్తే సరిపోతుంది కదా" అన్నాడు. నిజమే, ఆ రాత్రి కట్టేస్తే సరిపోయేది. "నాలుగు వేలు ఎక్కువ పెట్టేటప్పుడు ఆవిడ నాకు ఫోన్ చేసిందా?" అన్నాను. ఆయన మళ్ళీ అన్నం కలుపుకున్నాడు. ఆయన మంచితనం ఎప్పుడూ అంతవరకే ఉంటుంది.

ఎనిమిది వేల లిస్టు ఏమైందో చూడండి. ఇరవై ఎనిమిది ఉన్నప్పుడు ఎనిమిది వేల సోఫా ఎవరు కొంటారు? ఎల్ ఆకారంలో లెదర్ సోఫా, పన్నెండు మంది కూర్చునే టేకు టేబుల్, నాగమణిగారికి బటన్ నొక్కితే లేచే మంచం. అన్నీ కలిపి పద్నాలుగు వేల ఆరువందలు. స్టోర్‌లో సేల్ వస్తువులు, వెనక్కి తీసుకోరు. హైదరాబాద్ నుంచి నూట ఇరవై వెండి కుంకుమ భరిణలు. అరిటాకులతో డెకరేషన్ చేసేవాళ్ళు క్లీవ్‌లాండ్ నుంచి. కేటరింగ్, పెరట్లో టెంటు, డ్రోన్‌తో ఫొటోలు. వీటి అడ్వాన్సులు కూడా వెనక్కి రావు. పట్టుచీరలు కొనేటప్పుడు నాకూ ఒకటి కొంది. గులాబీ రంగు, వెండి జరీ. వద్దన్నాను. "నీ వల్లే కదా ఇదంతా" అంది.

ప్రతిదానికీ ఒకటే మాట. "ఎలాగూ ఉంది కదా." కష్టపడి కూడబెట్టిన ఎనిమిది వేలైతే రేణు నాలుగు షాపులు తిరిగి, కూపన్లు వెతికి, మేనేజర్‌తో బేరమాడేది. తన సంగతి నాకు తెలుసు, కొత్తిమీర కట్ట కొనడానికి రెండు స్టోర్లు తిరిగే మనిషి. ఒక్క నిమిషంలో వచ్చి పడిన డబ్బు మీద ఆ జాగ్రత్త నిలవలేదు. మే ఆఖరుకి ఖాతాలో పందొమ్మిది వందలు మిగిలాయి.

జూన్ రెండు, సోమవారం సాయంత్రం, రేణు మా తలుపు కొట్టింది. చెప్పుల్లేకుండా వచ్చింది.

"బ్యాంకతను ఫోన్ చేశాడు. క్రెడిట్‌లో కొత్త లోన్ కనిపిస్తోంది, మీరు మాకు చెప్పలేదు అంటున్నాడు. అది మీదే కదా, మీ యాప్‌లోనే ఇచ్చారు కదా అని ఈయన అంటే, అది వేరే డిపార్ట్‌మెంట్ సార్, మాకు సంబంధం లేదు అన్నాడట. ఇప్పుడు మీ జీతానికి ఈ ఇల్లు సరిపోదు, ఆ లోన్ మొత్తం కట్టేసి కాగితం చూపిస్తే తప్ప క్లోజింగ్ లేదన్నాడు."

కూర్చోబెట్టి టీ పెట్టాను. తాగకుండానే కప్పు కింద పెట్టేసింది.

"సగం కడితే?" అంది.

"సగం కట్టినా నెల వాయిదా తగ్గదు రేణూ. వాళ్ళు చూసేది వాయిదానే."

"అయితే నువ్వివ్వు. ఇరవై ఆరు వేలు. క్లోజింగ్ అయిన వెంటనే అమ్మ బంగారం అమ్మి, మిగతాది నెలనెలా ఇస్తాను. మీ దగ్గర ఉంది, ఇంటికోసం దాచారు కదా. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా."

తొమ్మిదేళ్ళలో రేణు నన్ను ఒక్క డాలరు అడగలేదు. నేను ఇవ్వగలను. ఇస్తే అప్పటికీ సమయం ఉండేదేమో, పరిగెత్తితే. దానికి నా దగ్గర తయారుగా ఒక రూల్ ఉంది.

"ఆ డబ్బు ఎక్కడిదని అడుగుతారు. అప్పు తీసుకుని అప్పు తీర్చామంటే ఒప్పుకోరు. ఊరికే ఇచ్చిందన్నా స్నేహితులిచ్చింది చెల్లదు. రక్త సంబంధీకులై ఉండాలి, కాగితం రాసివ్వాలి."

అది నిజమే. నా ఉద్యోగంలో నేను రోజూ చెప్పే మాటే. రేణు నా మొహంలోకి చూసి, "నువ్వు చెల్లెలివి కావా?" అంది. నేను కప్పులు తీసుకుని సింక్ దగ్గరికి వెళ్ళాను.

మర్నాడు నాగమణిగారు గాజులు, గొలుసు తీసిచ్చారు. పద్నాలుగు వేలు కూడా రాలేదు. రామమోహన్ ఆఫీసులో ఎవర్నో అడిగాడు. రిటైర్మెంట్ ఖాతాలో ఉన్న తన డబ్బులోంచే తీసుకోవచ్చన్నారు. కానీ డబ్బు చేతికి రావడానికి వారం, లోన్ తీరినట్టు రిపోర్టులో మారి బ్యాంకు మళ్ళీ ఫైలు చూడటానికి ఇంకో మూడు నాలుగు రోజులు. పది రోజులు గడువిస్తే చాలు, ఇల్లు నిలబడుతుంది. అమ్మేవాళ్ళకి మెయిల్ పెట్టారు. ముసలి దంపతులు, మంచివాళ్ళు, రేణుకి ఆపిల్ చెట్టుని ఎలా కత్తిరించాలో కూడా నేర్పారు. ఇచ్చేవాళ్ళే.

బుధవారం మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా రేణు ఫోన్ చేసింది.

"ఇవ్వరట. వెనక ఇంకెవరో బ్యాకప్‌లో ఉన్నారట. వాళ్ళ ఫైలు పక్కాగా ఉందట, నెలలో ముగించేస్తారట. అలాంటప్పుడు మీకోసం ఎందుకు ఆగాలి అని వాళ్ళ ఏజెంటు అన్నాడు. ఎవరో విజయా, నెలన్నర నుంచి ఊపిరి బిగబట్టి కాచుకుని కూర్చున్నారు."

"అలాంటివాళ్ళు ఉంటారు" అన్నాను.

శుక్రవారం దాటిపోయింది. పదివేల అడ్వాన్సు కూడా పోయింది. పోటీలో గెలవాలని, లోన్ రాకపోతే అడ్వాన్సు వెనక్కివ్వాలనే షరతుకి మూడు వారాలే గడువు పెట్టుకున్నారు. ఆ మూడు వారాలు మే నెలలోనే అయిపోయాయి. ఆదివారం ఉదయం ఆరూ నలభై రెండుకి నాగమణిగారు అపార్ట్‌మెంట్ స్టవ్ మీదే పాలు పొంగించారట, ముహూర్తం ఊరికే పోకూడదని. నూట ఇరవై కుటుంబాలకి రామమోహన్ ఒక్కడే కూర్చుని వాట్సాప్‌లో వాయిదా పడిందని పంపాడు. కారణం అడిగిన ప్రతివాళ్ళకీ జవాబు రాశాడు.

మా ఫైలు నేనే తయారుచేశానేమో, ఒక్క కాగితం తక్కువ లేదు. జులై మూడున తాళాలు తీసుకున్నాం. ఎవరికీ చెప్పలేదు. రేణుకి మాత్రం, మేమూ ఒక ఇల్లు చూసుకున్నాం, శ్రావణంలో దిగుతాం అన్నాను. "పోనీలే, నీకైనా కుదిరింది" అంది. అందులో ఏడుపు లేదు. అదే నాకు కష్టంగా ఉంది. ఏడిస్తే బాగుండేది, ఇద్దరం సమానమయ్యేవాళ్ళం.

రెండ్రోజుల తర్వాత మళ్ళీ నేనే వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళు కొన్న సామాను ఇంకా స్టోర్ గోదాములోనే ఉంది. రెండో అంతస్తులో రెండు గదుల అపార్ట్‌మెంట్‌కి ఆ టేబుల్ మెట్లెక్కదు. సోమవారం దాటితే రోజుకింత అని అద్దె వేస్తారు. మొదటి వాయిదా ఆరువందల యాభై ఒకటి అప్పటికే ఖాతాలోంచి దానంతటదే వెళ్ళిపోయింది. రామమోహన్ శనివారాలు కూడా పనికి వెళ్తున్నాడు. నాగమణిగారు లోపలి గదిలో అటు తిరిగి పడుకుని ఉన్నారు. మెడలో పసుపుతాడు ఒక్కటే ఉంది.

"ఆ సామాను నేను తీసుకుంటాను. అయిదు వేలిస్తాను" అన్నాను.

"పద్నాలుగు వేల ఆరువందలు విజయా. ఇంకా ప్లాస్టిక్ కూడా విప్పలేదు."

"సోమవారం దాటితే అది కూడా రాదు."

రేణు టేబుల్ మీద గోరుతో గీసింది. ఒకప్పుడైతే కొత్తిమీరకి కూడా బేరమాడేది. ఇప్పుడు ఆడలేదు. "సరే" అంది. ఫోన్ తీసి స్టోర్ నంబరు వెతికి డయల్ చేసింది, ఆగమని పాట వేశారు. "నీ పేరు చెప్పి డెలివరీ అడ్రస్ మార్పిస్తాను. మీ కొత్త ఇంటి అడ్రస్ చెప్పు. అసలు ఎక్కడో చెప్పనేలేదు నువ్వు."

చెప్పకుండా ఉండే దారి ఇంకోటి ఉంది. సామాను మా అపార్ట్‌మెంట్ గ్యారేజీలో దింపించుకుని తర్వాత మార్చుకోవచ్చు. దానికి ఇంకో మూడువందలవుతుంది.

"అడ్రస్ మార్చక్కర్లేదు" అన్నాను.

ముందు అర్థం కాలేదు. తర్వాత అయింది. తన మొహంలో అది జరగడం మొత్తం చూశాను, కళ్ళు తిప్పుకోలేదు. ఫోన్లో స్టోర్ వాళ్ళ పాట మోగుతూనే ఉంది.

"ఆ రోజు పకోడీలు తింటూ ఉన్నప్పుడు నేనడిగాను" అంది. "అప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు."

నన్ను బయటికి పొమ్మంటుందని చూశాను. కొట్టినా పడేదాన్ని. లోపల్నుంచి నాగమణిగారు "ఎవరే?" అని అడిగారు. "ఎవరూ లేరమ్మా" అంది రేణు. అంతలో స్టోర్ నుంచి ఎవరో లైన్లోకి వచ్చారు. రేణు ఇంగ్లీషులో, మర్యాదగా, ఆర్డర్ నంబరు చెప్పింది. కొనేవాళ్ళ పేరు మారుతోందని, నా పేరు అక్షరం అక్షరం విడగొట్టి చెప్పింది. డెలివరీ ఎక్కడికని అడిగినట్టున్నారు. ఆ ఇంటి నంబరు, వీధి పేరు, జిప్ కోడ్ కాగితం చూడకుండా చెప్పింది. తనకి ఆ అయిదు వేలు కావాలి. నన్ను తిట్టే స్తోమత కూడా ఇప్పుడు తనకి లేదు.

చెక్కు రాసి టేబుల్ మీద పెట్టాను. నాకు సిగ్గు వేయలేదా అంటే వేసింది. ఇల్లు వదులుకునేంత వేయలేదు.